అలెక్సా 488 లేబులింగ్: డీఓఎల్ 12.9 వస్తోంది, సగం యాంటీబాడీ కనపడటం లేదు

తార్నాక_బెంచి
నిన్న మధ్యాహ్నం నుంచి దీనిమీదే కూర్చున్నాను, రాత్రి ల్యాబ్ మూసేదాకా కూడా తేలలేదు. కుందేలు ఐజీజీకి అలెక్సా 488 తగిలించాను. బైకార్బొనేట్ బఫర్, పీహెచ్ 8.3, గంటసేపు చీకట్లో, తర్వాత డీసాల్టింగ్ కాలమ్. అంతా ప్రోటోకాల్ ప్రకారమే చేశాను. డీఓఎల్ 12.9 వస్తోంది. పైగా 1 మిల్లీగ్రాము పెడితే కాలమ్ దాటాక అర మిల్లీగ్రామే మిగిలినట్టు లెక్క చూపిస్తోంది. మూడుసార్లు రీడింగ్ తీశాను, మార్పు లేదు. శుక్రవారం గైడ్‌కి నంబర్ చూపించాలి, చాలా టెన్షన్‌గా ఉంది. డై ఎక్కువైందా, కాలమ్ యాంటీబాడీని పట్టేసుకుందా?

వానాకాలం_డీఎంఎస్‌ఓ
డై ఎక్కువైందమ్మా, సందేహం లేదు. ఒక్కో ఐజీజీకి నాలుగో అయిదో అతుక్కుంటే చాలు. అంతకు మించితే డై అణువులు పక్కపక్కనే చేరి ఒకదాని వెలుగు ఇంకొకటి మింగేస్తుంది, యాంటీబాడీ ముద్దకట్టి కింద దిగుతుంది కూడా. ఈసారి డై సగానికి తగ్గించండి. ఇంకో మాట, ఈ వానల్లో మన హైదరాబాద్ ల్యాబుల్లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. మైనస్ 20 నుంచి తీసిన డై సీసాని వెంటనే మూత తీస్తారు. చల్లటి సీసాలో గాలి తేమ చేరుతుంది, ఎన్‌హెచ్‌ఎస్ ఎస్టర్ నీళ్ళతోనే తెగిపోతుంది. అరగంట బయట ఉంచి అప్పుడు తెరవాలి. డీఎంఎస్‌ఓ కూడా కొత్త సీసాదే వాడాలి, ఏడాది కిందట తెరిచింది పనికిరాదు. మా దగ్గర ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు.

క్వార్ట్జ్
తేమ తగిలితే డీఓఎల్ తగ్గుతుంది, పెరగదు. రీడింగులు ఏవి? ఎంత పలుచన చేశారు? క్యూవెట్ ప్లాస్టిక్‌దా?

తార్నాక_బెంచి
క్వార్ట్జ్ క్యూవెట్, 1 సెంటీమీటరు. బ్లాంక్ పీబీఎస్. 5 రెట్లు పలుచన చేసి తీశాను. 280 దగ్గర 0.62, 494 దగ్గర 1.15. కాలమ్ నుంచి వచ్చింది మొత్తం అర మిల్లీలీటరు.

ఉప్పల్_ఫ్లో
1.15ని 0.62తో భాగిస్తే 1.85. మీ ఎఫ్/పీ బాగానే ఉంది, కంగారు పడకండి. మేం ఎఫ్‌ఐటీసీతో చేసినప్పుడు ఈ నిష్పత్తే చూసుకుని వాడేవాళ్ళం. ఒకసారి మాకు మరీ తక్కువ వచ్చింది. తీరా చూస్తే బఫర్ పీహెచ్ 6 దగ్గరికి దిగిపోయింది, అక్కడ ఫ్లోరెసీన్ 495లో సరిగ్గా పీల్చదు. పీహెచ్ 8 పైన మళ్ళీ తీస్తే నంబర్ సరిపోయింది. మీరూ పీహెచ్ చూసుకోండి.

క్వార్ట్జ్
అది రెండు రీడింగుల నిష్పత్తి, డీఓఎల్ కాదు. డీఓఎల్ అంటే ఒక్కో ప్రోటీన్‌కి ఎన్ని డై అణువులు అని. రెండూ కలపకండి.

ఉప్పల్_ఫ్లో
పాత పేపర్లలో ఎఫ్/పీ అని రాసేది మోలార్ నిష్పత్తికి కూడా అండీ. పేరు గురించి ఇంత పట్టుదల ఎందుకు?

క్వార్ట్జ్
రెండు వేర్వేరు నంబర్లకి ఒకే పేరు పెట్టడం వల్లే ఈ గందరగోళం.

పాతనోట్‌బుక్
తార్నాక గారూ, రెండు సంగతులు చెప్పండి. యాంటీబాడీకి డై ఎన్ని రెట్లు మోలార్ నిష్పత్తిలో వేశారు? లెక్క చేత్తో వేశారా, ల్యాబ్‌లో ఉన్న ఎక్సెల్ షీట్‌లో వేశారా?

తార్నాక_బెంచి
10 రెట్లు. షీట్ మా సీనియర్ అక్కది, తను వెళ్ళిపోయి మూడేళ్ళయింది. అందరం అదే వాడతాం. దానికీ దీనికీ ఏం సంబంధం సార్?

పాతనోట్‌బుక్
10 అణువులు వేసి 12.9 అంటించడం కుదరదు కదా. అంటే నంబరే తప్పు, లేదా యాంటీబాడీకి అంటని డై మిగిలి ఉంది. ముందు నంబర్ సంగతి చూద్దాం. షీట్‌లో 280 రీడింగ్ నుంచి ఎంత తీసేస్తోందో చూడండి. అక్కడ 0.30 ఉంటే అది ఎఫ్‌ఐటీసీ కోసం రాసిన షీట్. డై కూడా 280 దగ్గర కొంత పీలుస్తుంది, అందుకే తీసెయ్యాలి, కానీ ఎంత తీసెయ్యాలన్నది డైని బట్టి మారుతుంది. అలెక్సా 488కి 0.11. మీ రీడింగులతో వేసి చూపిస్తాను:

```
ప్రోటీన్ = (0.62 - 0.11*1.15) / 210000 = 2.35 µM
డై      = 1.15 / 71000               = 16.2 µM
DOL     = 16.2 / 2.35                = 6.9
```

ఇప్పుడు 0.11 బదులు 0.30, 71000 బదులు ఎఫ్‌ఐటీసీది 68000 పెట్టండి. ప్రోటీన్ 1.31కి పడిపోతుంది, డై 16.9 అవుతుంది, భాగిస్తే సరిగ్గా మీ 12.9 వస్తుంది. మీ యాంటీబాడీ ఎక్కడికీ పోలేదు. 2.35ని 5తో గుణిస్తే దాదాపు 11.8 మైక్రోమోలార్, ఐజీజీ 150 కిలోడాల్టన్ అనుకుంటే మిల్లీలీటరుకి 1.76 మిల్లీగ్రాములు. మీ దగ్గర ఉన్నది అర మిల్లీలీటరు కాబట్టి 0.88 మిల్లీగ్రాము. 1 మిల్లీగ్రాము పెట్టినదానికి ఇది మంచి రికవరీ. షీట్ డైని ఎక్కువగా తీసేసి ప్రోటీన్‌ని సగం చేసి చూపించింది, దానివల్లే డీఓఎల్ పెరిగింది, దానివల్లే యాంటీబాడీ పోయినట్టు అనిపించింది.

తార్నాక_బెంచి
అవును సార్, 0.30 అనే ఉంది. షీట్ పైన డై పేరు కూడా లేదు! రెండేళ్ళుగా ఈ షీట్‌తోనే లెక్కలు వేస్తున్నాం.

వానాకాలం_డీఎంఎస్‌ఓ
అయినా 6.9 కూడా ఎక్కువే. నేను చెప్పింది అదే కదా, డై తగ్గించండి.

పాతనోట్‌బుక్
వేసిన పదిలో ఏడు అంటుకున్నాయంటే నాకూ కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. కానీ అంతా నిజంగా అంటుకున్నదో కాదో ఈ రీడింగ్ చెప్పదు. విడిగా తేలే డై కూడా 494 దగ్గర అంతే పీలుస్తుంది, క్యూవెట్‌కి తేడా తెలీదు. డై తగ్గించే ముందు అది తేల్చుకోండి. ఒక సులువైన పని ఉంది. రెండు మైక్రోలీటర్లు తీసి మామూలు ఎస్‌డీఎస్ జెల్‌లో నడపండి. శాంపిల్ బఫర్‌లో బ్రోమోఫినాల్ బ్లూ వెయ్యొద్దు, జెల్ చివర అది అడ్డొస్తుంది. కూమాసీ వెయ్యకముందే నీలం వెలుగు కింద చూడండి. అంటుకున్న డై హెవీ, లైట్ చైన్ల దగ్గర 50, 25లలో మెరుస్తుంది. విడిగా ఉన్నది జెల్ అడుగున పోగవుతుంది, కాబట్టి ఆ అంచు బయటికి పోకముందే ఆపేయండి. అడుగున మెరుపు గట్టిగా ఉంటే ఇంకో కాలమ్ వేసి మళ్ళీ రీడింగ్ తీయండి.

ఉప్పల్_ఫ్లో
డయాలిసిస్ చేసినా పోతుంది కదా, కాలమ్ ఖర్చెందుకు?

క్వార్ట్జ్
పోతుంది, రెండు రోజులు పడుతుంది. ఆవిడకి శుక్రవారం కావాలి.

తార్నాక_బెంచి
జెల్ నడిపాను. 50, 25 దగ్గర బాగా మెరిసింది, అడుగున కూడా సన్నగా ఒక గీత ఉంది. రెండో కాలమ్ వేశాను. 280లో 0.41, 494లో 0.62 వచ్చింది, చేత్తో వేస్తే డీఓఎల్ 5.4. శుక్రవారం ఇదే చూపిస్తాను. కణాల మీద రంగు ఎలా పడుతుందో ఇంకా చూడలేదు. షీట్‌లో డైకి వేరే గడి పెట్టాను. థ్యాంక్స్ అండీ.