8085 టైమింగ్ డయాగ్రమ్‌లో డీకోడ్‌ని ఎక్కడ చూపించాలి?

డిప్లొమా ఈసీఈ, శ్రీకాకుళం
ఇన్‌స్ట్రక్షన్ సైకిల్‌ని ఫెచ్, డీకోడ్, ఎగ్జిక్యూట్ దశలతో వివరించి టైమింగ్ డయాగ్రమ్ గీయమని పెద్ద ప్రశ్న వస్తోంది. నేను `MVI A,32H` తీసుకున్నాను. మూడు దశలు కదా అని మూడు మెషిన్ సైకిళ్లు గీస్తే మొత్తం 10 టీ-స్టేట్లు వచ్చాయి. నోట్స్‌లో మాత్రం 7 అని ఉంది. ఆ మూడు ఎందుకు ఎక్కువొచ్చాయో ఎవరైనా చెప్పండి. సోమవారమే పరీక్ష, టెన్షన్‌గా ఉంది.

బీటెక్ మూడో ఏడాది, విజయనగరం
డీకోడ్‌కి విడిగా సైకిల్ ఉండదు తమ్ముడూ. ఫెచ్‌లోనే నాలుగో టీ-స్టేట్‌లో అయిపోతుంది. మొదటి మెషిన్ సైకిల్ ఫెచ్, రెండోది ఎగ్జిక్యూట్. ఏ ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చినా ఇలా రెండు గీసెయ్.

ఎంబెడెడ్ కోర్సు, పలాస
మెషిన్ సైకిల్ అంటే 12 క్లాకులు కదా? 7 ఎలా వస్తుంది?

రిటైర్డ్ లెక్చరర్, రాజాం
పలాస బాబూ, ఆ 12 క్లాకుల లెక్క 8051ది. ఇక్కడ అడిగింది 8085 గురించి.

విజయనగరం అబ్బాయి డీకోడ్ గురించి చెప్పింది సరైనదే. కానీ అన్నిటికీ రెండు గీస్తే మార్కులు పోతాయి. `MOV A,B`కి ఒక్క మెషిన్ సైకిలే, 4 టీ-స్టేట్లు. `STA`కి నాలుగు సైకిళ్లు, 13 టీ-స్టేట్లు. ప్రాసెసర్ మెమరీ దగ్గరికో, పోర్టు దగ్గరికో బస్సు మీద వెళ్లిన ప్రతిసారీ ఒక మెషిన్ సైకిల్ అవుతుంది. డీకోడ్ చిప్ లోపలే జరిగే పని, దానికి బస్సుతో అవసరం లేదు. అందుకే నీకు మూడు ఎక్కువొచ్చాయమ్మా.

నీ ఉదాహరణనే చూద్దాం. 2000Hలో 3E, 2001Hలో 32 ఉన్నాయనుకో. ముందు ఈ పట్టిక రాసుకుని, తర్వాత గీతలు గీయి.

```
          T1   T2   T3   T4 | T1   T2   T3
A15-A8    20   20   20   -  | 20   20   20
AD7-AD0   00   ..   3E   -  | 01   ..   32
ALE       1    0    0    0  | 1    0    0
RD        1    0    0    1  | 1    0    0
S1 S0     1 1               | 1 0
IO/M = 0
```

టీ1లో కింది ఎనిమిది లైన్ల మీద అడ్రస్ ఉంటుంది. ఏఎల్‌ఈ పైకి లేచి, టీ1 సగంలోనే దిగిపోతుంది. అది దిగేటప్పుడు బయటి లాచ్ ఆ అడ్రస్‌ని పట్టుకుంటుంది. అందుకే టీ2లో అవే లైన్లను డేటాకి ఖాళీ చేయగలుగుతుంది. ఆర్‌డీ టీ2లో కిందికి వెళ్లి టీ3 మధ్యలో పైకి వస్తుంది. ఆ లోపు మెమరీ 3E ఇస్తుంది. టీ4లో దాన్ని డీకోడ్ చేసి, ఇంకో బైట్ కావాలని తెలుసుకుంటుంది. రెండో సైకిల్లో 32 చదివి `A` రిజిస్టర్‌లో పెట్టేస్తుంది. ఎగ్జిక్యూట్ అంటే ఇక్కడ అదే, దానికి వేరే సైకిల్ అక్కర్లేదు.

ఎక్కువమంది తప్పు చేసేది పట్టికలో చుక్కలు పెట్టిన చోట. ప్రాసెసర్ అడ్రస్ వదిలేసింది, మెమరీ ఇంకా డేటా ఇవ్వలేదు. ఆ కాసేపు లైన్లను ఎవరూ నడపరు. అక్కడ చుక్కల గీతే గీయాలి. అడ్రస్‌ పెట్టె పక్కనే డేటా పెట్టె అంటించేశారంటే అది రైట్ సైకిల్ బొమ్మ అవుతుంది. రైట్‌లో అడ్రస్, డేటా రెండూ ప్రాసెసరే ఇస్తుంది కాబట్టి మధ్యలో ఖాళీ ఉండదు.

ల్యాబ్ అసిస్టెంట్, బొబ్బిలి
మా ల్యాబ్‌లో పిల్లలు ఏఎల్‌ఈకి సీఆర్‌ఓ పెట్టి, ఏమీ కనబడట్లేదండీ అంటారు. ఇన్‌స్ట్రక్షన్ ఒక్కసారే నడిస్తే ఏం కనబడుతుంది? వెనకాల `JMP 2000H` పెట్టి తిప్పండి. 6 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉన్న కిట్‌లో లోపలి క్లాక్ 3 మెగాహెర్ట్జ్, టీ-స్టేట్ సుమారు 333 నానోసెకన్లు. ఒక చుట్టుకి ఐదు పల్సులు వస్తాయి, వాటి మధ్య దూరం సమానంగా ఉండదు. ఫెచ్ దగ్గర 1.33 మైక్రోసెకన్లు, రీడ్ దగ్గర 1 మైక్రోసెకను. ఆ ఎక్కువ ఉన్న 0.33 మీ టీ4యే.

డిప్లొమా ఈసీఈ, శ్రీకాకుళం
థాంక్యూ సార్. అంటే గీశాక ఏఎల్‌ఈ పల్సులు లెక్కపెడితే ఎన్ని మెషిన్ సైకిళ్లో తెలిసిపోతుందన్నమాట. మరి `ADD B`లో నాలుగు టీ-స్టేట్లూ ఫెచ్‌కి, డీకోడ్‌కే సరిపోతే కూడిక ఎప్పుడు జరుగుతుంది?

రిటైర్డ్ లెక్చరర్, రాజాం
మంచి ప్రశ్న. తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ ఫెచ్ అవుతుండగానే లోపల కూడిక పూర్తవుతుంది. బస్సు మీద కనబడదు కాబట్టి బొమ్మలో గీయకు, పక్కన ఒక వాక్యం రాయి.

బీటెక్ మూడో ఏడాది, విజయనగరం
సార్, మాకు టీ4లోనే ఎగ్జిక్యూట్ అని రాయమన్నారు. దిద్దేవాళ్లు మీరు చెప్పినది ఒప్పుకుంటారా?

రిటైర్డ్ లెక్చరర్, రాజాం
కొందరు ఒప్పుకోకపోవచ్చు బాబూ. అందుకే పరీక్షకి `MVI` లాంటిది తీసుకోమంటాను, ఆ గొడవే రాదు.