సగంలో ఆగిన గేమ్ ప్యాచ్‌ను మొదటి నుంచి కాకుండా కొనసాగించడం ఎలా?

వాడిన డేటాకు డబ్బు చెల్లించే, సెకనుకు 2 మెగాబిట్ల వేగం మాత్రమే ఉన్న నా కనెక్షన్‌లో 30 జీబీల గేమ్ ప్యాచ్ సుమారు సగం దిగాక ప్రతిసారీ ఆగిపోతోంది. లాంచర్‌ను తిరిగి తెరిస్తే శాతం సున్నా నుంచి మొదలవుతుంది. అయితే టాస్క్ మేనేజర్‌లో కొంతసేపు డిస్క్ మాత్రమే పనిచేస్తూ నెట్‌వర్క్ ఖాళీగా ఉంటుంది కనుక, అది దిగిన ముక్కలను సరిచూస్తోందని భావిస్తున్నాను. విచిత్రమేమిటంటే, నేనే పాజ్ చేస్తే ఆగినచోటి నుంచే సాగుతుంది. కనెక్షన్ తెగినప్పుడు మాత్రం చాలా భాగం మళ్లీ దిగుతుంది. తాత్కాలిక ఫోల్డర్ పరిమాణం తగ్గలేదు గానీ, చోటు ముందే కేటాయించి ఉండవచ్చు కాబట్టి దానిని నమ్మలేను. తరచూ పాజ్ చేస్తూ, ఆ ఫోల్డర్‌ను వేరేచోట కాపీ చేసి ఉంచుకుని, తెగిన తరువాత తిరిగి అక్కడే పెడితే లాంచర్ ఆ ముక్కలను అంగీకరిస్తుందా? ఈలోగా ప్యాచ్ కొత్త వెర్షన్ వస్తే పాత ముక్కలు పనికొస్తాయా? అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.