పెళ్లి భోజనాలకి గ్యారంటీ ప్లేట్లు ఎన్ని చెప్పాలి? షీట్‌లో లెక్క కుదరడం లేదు

పెళ్లికూతురి అన్న
వచ్చే నెల భీమవరంలో చెల్లి పెళ్లి. ముందు రోజు పెళ్లికూతుర్ని చేసినప్పుడు మధ్యాహ్నం భోజనం, పెళ్లిరోజు పొద్దున విడిదిలో టిఫిన్, రాత్రి పెళ్లి భోజనం మా ఖర్చే. పిలిచేవాళ్లందరినీ షీట్‌లో ఎక్కిస్తే 590 మంది తేలారు. ప్లేటు 420 చొప్పున ఒక్క రాత్రి భోజనానికే 2,47,800. నాన్న 400 చాలంటున్నారు, అమ్మేమో 600 చెప్పమంటోంది. క్యాటరర్ శుక్రవారంలోగా గ్యారంటీ ప్లేట్లు చెప్పమన్నాడు. ఇంకో తలనొప్పి: 50 వేలు అడ్వాన్స్ ఇచ్చినా షీట్‌లో బ్యాలెన్స్ తగ్గడం లేదు.

కార్డుకి నలుగురు
ఇంత టెన్షన్ ఎందుకండీ? కార్డులు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మా ఇళ్లలో ఎప్పుడూ అదే లెక్క.

లెక్కల పిన్ని
కార్డుకి నలుగురు అన్నది ఊళ్లో చుట్టాలకి సరిపోతుంది బాబూ. ఆఫీసు కార్డుకి ఒక్కరొస్తారు, బెంగళూరు కార్డుకి ఇద్దరొస్తే గొప్ప. అందుకే ఒక్కో కుటుంబానికి ఒక్కో వరస పెట్టి, ఒక్కో భోజనానికి ఒక్కో కాలమ్ పెట్టాలి. అందులో టిక్కు కాదు, తలకాయల అంకె వెయ్యాలి. మేనత్త వాళ్లు మధ్యాహ్నం 5, టిఫిన్‌కి 5, రాత్రి 7. నాన్నగారి ఆఫీసు వాళ్లు 0, 0, 2.

తర్వాత ఇంకో కాలమ్‌లో ఎంత నమ్మకమో రాయండి. తప్పక వచ్చేవాళ్లకి 1, రావచ్చు అనుకునేవాళ్లకి 0.7, అనుమానమున్నవాళ్లకి 0.3. ఈ అంకెలు నా అలవాటువి, మీ చుట్టాల్ని బట్టి మార్చుకోండి. నమ్మకం C లో, రాత్రి భోజనం F లో ఉంటే:

```
=SUMPRODUCT($C$2:$C$200, F$2:F$200)
```

మీ 590లో తప్పక వచ్చేవాళ్లు 210, రావచ్చు అనేవాళ్లు 180, అనుమానం 200 అనుకుందాం. అప్పుడు 210, 126, 60 కలిపి 396 అవుతుంది. మీ నాన్నగారి అంచనా అంత తప్పేం కాదు.

విడిది బాధితురాలు
మాకు దెబ్బ పడింది రాత్రి భోజనం దగ్గర కాదు. ఫొటోగ్రాఫర్లు, మేళం వాళ్లు, డెకరేషన్ కుర్రాళ్లు, బస్సు డ్రైవర్లు... వీళ్లెవరూ లిస్టులో లేరు. ప్లేట్ల బిల్లులో మాత్రం ఉన్నారు. విడిదిలో కాఫీలు ఎన్నిసార్లు ఇచ్చారో కూడా విడిగా రాశాడు మావాడు.

లెక్కల పిన్ని
నిజమే అక్కా. వాళ్లకో వరస పెట్టి నమ్మకం 1 వెయ్యాలి. 25 మంది అనుకుంటే మొత్తం 421. అలాగని గ్యారంటీ 421 చెప్పొద్దు. గ్యారంటీ అంటే అంతమంది రాకపోయినా డబ్బు కట్టాల్సిందే. 400 చెప్పి, 450 వరకూ వండిపెట్టమనండి. పైన తిన్న ప్లేటుకి అదే 420 ఆ, ఎక్కువా అన్నది ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి. పిల్లలకి సగం ప్లేటు ఏ వయసు వరకో కూడా. అదే రేటైతే 421 మంది తింటే 1,76,820 అవుతుంది. 600 గ్యారంటీ ఇచ్చేస్తే ఎవరూ రాకపోయినా 2,52,000.

కార్డుకి నలుగురు
ముహూర్తం శనివారమైతే జనం ఎక్కువ వస్తారు కదా, మరి 0.7 ఎలా?

లెక్కల పిన్ని
అయితే 0.8 వెయ్యండి, 18 మంది పెరుగుతారు. అందుకేగా 450 వరకూ వండమన్నది.

పెళ్లికూతురి అన్న
పిన్నీ, అడ్వాన్స్ సంగతి? ఖర్చుల షీట్ వేరే, అందులో A లో పేరు, C లో మొత్తం బిల్లు. బ్యాలెన్స్ ఫార్ములా ఇది:

```
=C2-SUMIF(Payments!B:B, A2, Payments!D:D)
```

లెక్కల పిన్ని
ఫార్ములా బాగానే ఉంది. Payments లో పేరు ఎలా రాశారో చూడండి. ఒకచోట క్యాటరింగ్, ఇంకోచోట కేటరింగ్ అని ఉంటే షీట్‌కి ఇద్దరు వేరు మనుషులు. చివర ఖాళీ స్పేస్ ఉన్నా అంతే. పేర్లు టైప్ చెయ్యకుండా డ్రాప్‌డౌన్ పెట్టండి. ఎవరి చేతిమీదుగా ఇచ్చారో కూడా ఒక కాలమ్ ఉంచండి, నాన్నగారు నగదు ఇచ్చి చెప్పడం మర్చిపోతారు.

పెళ్లికూతురి అన్న
అదే! ఒకచోట "క్యాటరర్", ఇంకోచోట "క్యాటరింగ్ ఆయన" అని ఉంది. సరిచేస్తే బ్యాలెన్స్ తగ్గింది. కానీ మగపెళ్లివారు పేర్లు ఇవ్వకుండా "మావాళ్లు ఓ నూటయాభై" అంటున్నారు. అది 1 వెయ్యాలా, 0.7 వెయ్యాలా?

విడిది బాధితురాలు
1 వెయ్యి తమ్ముడూ. వాళ్ల దగ్గర ప్లేటు తక్కువైతే ఆ మాట ఇరవై ఏళ్లు వినాలి.

లెక్కల పిన్ని
నేనైతే బస్సు సీట్లు ఎన్నో అడుగుతా. రెండు బస్సులంటే వంద దాటదు, కార్లవాళ్లని విడిగా కలుపుకోవాలి. ఆ రాత్రి మాత్రం ఇంటి మనిషి ఒకర్ని ప్లేట్ల దగ్గర నిలబెట్టండి. భోజనాలు మొదలవకముందు ఎన్ని ప్లేట్లు దించారో, చివర్లో ఎన్ని మిగిలాయో క్యాటరర్ మనిషితో కలిసి లెక్కపెట్టి ఇద్దరూ సంతకం చెయ్యాలి. బఫేలో ఒకే మనిషి రెండు ప్లేట్లు తీసుకుంటాడు, విస్తరి వేస్తే ఆ గొడవ లేదు.