బయాస్, వేరియన్స్‌లను ఇంటర్వ్యూలో ఈ ఉదాహరణతో వివరిస్తే సరిపోతుందా?

నమస్కారం. మెషిన్ లెర్నింగ్ ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్నాను. ఓవర్‌ఫిట్టింగ్‌ను నిర్వచనాలతో కాక ఒకే డెసిషన్ ట్రీ ఉదాహరణతో వివరించాలనుకుంటున్నాను. నా తర్కంలో లోపముంటే దయచేసి తెలపండి.

రెండు తరగతులూ సమానంగా ఉన్న డేటాపై, లోతుకు పరిమితి లేని ట్రీ ట్రైనింగ్‌లో 100 శాతం, వాలిడేషన్‌లో 78 శాతం కచ్చితత్వం చూపిందనుకుందాం (అంకెలు ఊహించినవే). కొన్ని వరుసలు మారినా ట్రీ రూపం మారిపోతుంది కనుక, ఆ అంతరం అధిక వేరియన్స్‌కు గుర్తని చెబుతాను. లోతును 2కు కుదిస్తే రెండూ 74 దగ్గరే ఆగుతాయి. అంతరం పోయింది గానీ బయాస్ పెరిగింది. లోతు 6 వద్ద 87, 83 వస్తే, ఆ లోతును క్రాస్ వాలిడేషన్‌తో ఎంచుకున్నానని, టెస్ట్ డేటాను చివరిదాకా ముట్టలేదని చెబుతాను.

డేటా పెంచితే మేలు జరుగుతుందా అని అడిగితే, లర్నింగ్ కర్వ్‌లో వాలిడేషన్ గీత ఇంకా పైకి వెళుతుంటేనే జరుగుతుందని, రెండు గీతలూ దగ్గరై చదునుగా సాగుతుంటే మోడల్‌నే మార్చాలని నా జవాబు.

నా సందేహం రాండమ్ ఫారెస్ట్ దగ్గర ఉంది. లోతైన ట్రీల సగటు తీస్తే బయాస్ పెద్దగా మారకుండా వేరియన్స్ తగ్గుతుంది. అయితే ట్రీలన్నీ ఒకదానినొకటి పోలి ఉంటే ఆ తగ్గుదల ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది కనుక, ప్రతి చీలిక వద్ద కొన్ని ఫీచర్లనే యాదృచ్ఛికంగా ఎంచుతారు. ఇంతవరకు చెబితే చాలా? బయాస్ స్క్వేర్, వేరియన్స్, నాయిస్‌ల మొత్తంగా దోషాన్ని విడదీసే సూత్రం స్క్వేర్డ్ ఎర్రర్‌కే నేరుగా వర్తిస్తుంది కదా. వర్గీకరణ ఉదాహరణ చెబుతూ ఆ పరిమితిని నేనే ముందుగా ప్రస్తావించాలా, లేక అడిగితేనే చెప్పాలా?