తాతగారి ఉత్తరంలో "ఆరో ఆజ్ఞ" అంటే ఏది?

పాలకొల్లు సభ్యురాలు: మా తాతగారు భీమవరం లూథరన్ సంఘంలో ఉపదేశకులు. నరసాపురం బ్రదరన్ సంఘంలో ఉన్న బావగారికి రాసిన ఉత్తరంలో ఒకాయన గురించి "ఆరో ఆజ్ఞ మీరాడు, ఊరు విడిచి వెళ్లాడు" అన్నారు. నిర్గమకాండం 20లో లెక్కపెడితే ఆరోది నరహత్య. ఆయన హత్య చేశాడా అని ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

తణుకు సభ్యుడు: హత్యేనండి. బైబిల్లో నంబర్లు ఉన్నాయిగా. క్యాథలిక్కులు విగ్రహాల ఆజ్ఞ తీసేశారు కాబట్టి వాళ్లకే లెక్క మారింది.

భీమవరం మాస్టారు: బైబిల్లో ఉన్నవి వచనాల నంబర్లు బాబూ, ఆజ్ఞలవి కావు. మూలంలో "పది మాటలు" అని ఉంది గానీ ఏది ఎన్నోదో లేదు. క్యాథలిక్కులు విగ్రహాల మాట తీసేయలేదు, "వేరే దేవుళ్లు ఉండకూడదు" అన్న మొదటి ఆజ్ఞలోనే కలిపి లెక్కిస్తారు. కంఠస్థం చేయించే చిన్న పాఠంలో అది వినిపించదు, అందుకే ఆ అపోహ. ఈ లెక్క అగస్టీను నాటిది. లూథర్ కూడా 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో దాన్నే ఉంచారు. విగ్రహాలది విడిగా లెక్కపెట్టకపోవడంతో తర్వాతివన్నీ ఒక మెట్టు ముందుకు వస్తాయి. నరహత్య ఐదు, వ్యభిచారం ఆరు. అలా తగ్గిన ఒకటి చివర ఆశించడాన్ని రెండు చేయడంతో భర్తీ అవుతుంది.

అమలాపురం సభ్యురాలు: మా అబ్బాయి సండే స్కూల్ పోటీలో "నాలుగోది తల్లిదండ్రులను సన్మానించుట" అని రాస్తే మార్కు కొట్టేశారు. మేం క్యాథలిక్కులం, పోటీ వేరే చోట. ఇప్పుడు అర్థమైంది!

తణుకు సభ్యుడు: మరి యూదులది ఏ లెక్క?

భీమవరం మాస్టారు: వాళ్లకు "ఐగుప్తు నుండి నిన్ను రప్పించిన దేవుణ్ణి నేనే" అన్నదే మొదటి మాట. అందులో ఆజ్ఞ లేకపోయినా మాటే కదా. వేరే దేవుళ్లు, విగ్రహాలు కలిసి రెండోది. కాబట్టి వాళ్లకూ, బ్రదరన్ వాళ్లకూ ఆరోది నరహత్యే, దారులు వేరైనా. అమ్మా, మిగతా ఉత్తరాల్లో ఇంకో నంబరు ఏదైనా ఉందా?

పాలకొల్లు సభ్యురాలు: ఉంది మాస్టారూ. మా నాన్నకు రాసిన దాంట్లో "నాలుగో ఆజ్ఞ మరవకు, అమ్మను చూసుకో". ఇంకోదాంట్లో పక్కింటి వాళ్లు మా ఇంటి స్థలం మీద కన్నేస్తే "తొమ్మిదో ఆజ్ఞ తెలియదా" అన్నారు.

భీమవరం మాస్టారు: నాలుగోది అమ్మ గురించి అయితే అది లూథరన్ లెక్కే. తొమ్మిదోది ఇంకా తేటగా చెబుతోంది. నిర్గమకాండంలో పొరుగువాని ఇల్లు ముందు, భార్య తర్వాత. ద్వితీయోపదేశకాండంలో భార్య ముందు. లూథరన్లు మొదటి వరుస పట్టుకుని ఇంటిని తొమ్మిదోది చేశారు. క్యాథలిక్కులకు తొమ్మిదోది భార్య, బ్రదరన్ వాళ్లకు అబద్ధసాక్ష్యం. ఆయన హంతకుడు కాదమ్మా.

నరసాపురం సభ్యుడు: ఆ రెండూ సొంత ఇంటివాళ్లతో అన్న మాటలు మాస్టారూ. ఆరో ఆజ్ఞ ఉత్తరం వెళ్లింది మా బ్రదరన్ ఇంటికి. ఉపదేశకులు కదా, బావగారి లెక్క తెలిసి ఆయనకు అర్థమయ్యేలా రాసి ఉండొచ్చు. బావగారి జవాబు దొరికితే పెట్టండి.

పాలకొల్లు సభ్యురాలు: నరసాపురంలో అత్తయ్యగారి పెట్టెలో వెతికిస్తానండి.