అప్‌డేట్: ఒకే రోజు నాలుగు వీడియోలు, అమలాపురం నుంచి

నా పాత ప్రశ్న: "కొబ్బరి సాగు మీద వారానికో వీడియో పెడుతున్నాను. నాలుగూ ఒకేరోజు తీస్తే అన్నీ ఒకేలా కనబడవా, ఎడిటింగ్‌కి టైం ఎలా తగ్గించాలి?"

మీరు చెప్పినట్టే వీడియోల వరసలో కాకుండా బ్యాక్‌గ్రౌండ్ వరసలో తీశాను. పొద్దున్నే తోటలో 1, 3, ఎండ నెత్తిమీదకొచ్చాక వసారాలో 2, 4. పెట్టేటప్పుడు 1, 2, 3, 4 వరసలోనే వెళ్తాయి కాబట్టి పక్కపక్క వీడియోల్లో చోటూ మారుతుంది, చొక్కా కూడా మారుతుంది. తోటలో ఆకుపచ్చ చొక్కా వద్దు, మనిషి మట్టల్లో కలిసిపోతాడు, సన్నగీతలదైతే కెమెరాలో అలలు అలలుగా మెరుస్తుంది, అందుకే సాదా రంగులే పెట్టుకున్నాను.

బాగా కలిసొచ్చింది వైట్ బ్యాలెన్స్ లాక్ చేయడం. ఆటోలో వదిలేస్తే వెనక పచ్చదనం ఎక్కువైనప్పుడల్లా మొహం రంగు మారుతుంది, అప్పుడు ఒక్కో క్లిప్‌నీ విడిగా దిద్దాలి. తోటలో 5600 కెల్విన్ దగ్గర ఆపి, ఒక క్లిప్‌కి రంగు సరిచేసి, అదే రెండో తోట వీడియోకి కాపీ చేశాను. మబ్బు పట్టినప్పుడు తీసిన ముక్కలకి మాత్రం అది సరిపోదు, నీలంగా కనబడతాయి. వసారాకి వేరే సెట్టింగ్.

ఎడిటింగ్ టైం తగ్గించడానికి పెట్టుకున్న టెంప్లేట్ అంటే ఖాళీ ప్రాజెక్టే: టైటిల్, పేరు పట్టీ, తగ్గించి పెట్టిన మ్యూజిక్, చివరి కార్డు. ప్రతిసారీ దాని కాపీ తెరిచి క్లిప్‌లు మార్చడమే. ప్రతి టేక్ ముందు వీడియో నంబర్ చెప్పి చప్పట్లు కొట్టండి, లేకపోతే ఫైళ్లు వెతకడానికే సాయంత్రం అయిపోతుంది.