రౌండ్ రాబిన్ ఉన్న చోట డెడ్‌లాక్ వస్తుందా, రాదా?

గేట్ విద్యార్థి: డెడ్‌లాక్‌కి నాలుగు కండిషన్లలో ‘నో ప్రీఎంప్షన్’ ఒకటి కదా. రౌండ్ రాబిన్‌లో క్వాంటమ్, అంటే ఒక్కో వంతుకి ఇచ్చిన టైమ్, అవ్వగానే ప్రాసెస్‌ని బలవంతంగా దింపేస్తాం, అంటే ప్రీఎంప్షన్ ఉన్నట్టే. మరి ఆ సిస్టమ్‌లో డెడ్‌లాక్ రాకూడదు కదా? అందరికీ వంతు వస్తుంది కాబట్టి వెయిటింగ్ టైమ్ కూడా తగ్గాలి. హాస్టల్లో దీని మీద పెద్ద గొడవ నడుస్తోంది, ఎవరైనా తేల్చండి.

సుధీర్: తమ్ముడూ, రెండూ వేరే వేరే చాప్టర్లు, కలపకు. డెడ్‌లాక్ అనేది లాకుల గొడవ, ఒకరి దగ్గరున్న లాక్ కోసం ఇంకొకరు ఆగి ఎవరూ కదలకపోవడం. షెడ్యూలర్ ఏదైనా దానికి సంబంధం లేదు. వెయిటింగ్ టైమ్ మాత్రం నువ్వన్నట్టే తగ్గుతుంది. 20, 2, 2 మిల్లీసెకన్ల పనులు మూడు ఒకేసారి వచ్చాయనుకో. వచ్చిన వరుసలో నడిపితే వెయిటింగ్ 0, 20, 22, సగటు 14. క్వాంటమ్ 2 పెట్టి రౌండ్ రాబిన్ నడిపితే 4, 2, 4, సగటు మూడున్నర కూడా లేదు.

పద్మజ: సుధీర్ గారూ, మీ లెక్క కరెక్టే, కానీ పెద్ద పని ముందు నిలబడ్డ ఉదాహరణను ఎంచుకున్నారు. మూడూ 10 మిల్లీసెకన్లవే అయితే చూడండి. వరుసలో నడిపితే వెయిటింగ్ 0, 10, 20, సగటు 10. క్వాంటమ్ 1 పెడితే మూడూ చివరిదాకా సాగి 28, 29, 30 దగ్గర పూర్తవుతాయి. వెయిటింగ్ 18, 19, 20, సగటు 19. దాదాపు రెట్టింపు, అదీ స్విచ్చింగ్ ఖర్చు కలపకుండానే. రౌండ్ రాబిన్ కచ్చితంగా ఇచ్చేది మొదటి వంతు త్వరగా రావడం. మూడో పని 20 దాకా ఆగకుండా 2 దగ్గరే మొదలవుతుంది. మొత్తం వెయిటింగ్ తగ్గాలని లేదు.

ఇక డెడ్‌లాక్ సంగతి. రౌండ్ రాబిన్ లాక్కునేది సీపీయూని, లాక్‌ని కాదు. 1971లో కాఫ్‌మన్, మరో ఇద్దరు రాసిన పేపర్లో ఆ నాలుగు కండిషన్లూ ప్రాసెస్ చేతిలో ఉన్న రిసోర్స్ గురించి చెప్పినవి. సీపీయూని లాక్కోవచ్చు, ఎందుకంటే రిజిస్టర్లన్నీ దాచిపెట్టి తర్వాత యథాతథంగా తిరిగి పెట్టేయొచ్చు. మ్యూటెక్స్‌ని అలా లాక్కుంటే, దాని చాటున సగం మారిన డేటా ఇంకొకరి చేతికి వెళ్తుంది. అందుకే దింపేసిన ప్రాసెస్ లాక్ పట్టుకునే క్యూలోకి వెళ్తుంది.

షెడ్యూలర్‌కి సంబంధం లేదన్న మాట కూడా నేను ఒప్పుకోను. ఒకే కోర్ మీద ఇది నడపండి:

```
P1: work 1; lock A; work 2; lock B; work 2; unlock B, A
P2: work 1; lock B; work 2; lock A; work 2; unlock A, B
```

క్వాంటమ్ 5 అయితే P1 ఒక్క వంతులోనే రెండు లాకులూ తీసుకుని, వదిలేసి వెళ్లిపోతుంది. తర్వాత P2 హాయిగా నడుస్తుంది. క్వాంటమ్ 2 పెట్టండి. 2వ మిల్లీసెకనుకి P1 చేతిలో A ఉండగా దిగిపోయింది. 4కి P2 చేతిలో B ఉండగా దిగిపోయింది. 5 దగ్గర P1 B అడిగి ఆగింది, 6 దగ్గర P2 A అడిగి ఆగింది. అంతే, ఇక కదలవు. అదే కోడ్, అదే లాకులు. సర్క్యులర్ వెయిట్ పడే దారి కోడ్‌లో ముందే ఉంది, ఆ దారిలోకి నెట్టింది క్వాంటమ్.

సుధీర్: క్వాంటమ్ 4 పెట్టినా రాదు కదా. P1 దిగేసరికి రెండు లాకులూ దాని దగ్గరే ఉంటాయి. P2 B అడిగి 5 దగ్గర ఆగుతుంది, P1 6కి ముగించేస్తుంది. అంటే సింగిల్ కోర్ చిన్న బోర్డుల మీద క్వాంటమ్ పెద్దది పెడితే సమస్య తీరినట్టే.

పద్మజ: మీ లెక్కలో మొదటి `work 1` ఎప్పుడూ 1 మిల్లీసెకనే. ఇన్‌పుట్ పెద్దదై P1కి అది 3 పట్టిందనుకోండి. 4కి దిగేటప్పుడు దాని చేతిలో A ఒక్కటే ఉంది. P2 5 దగ్గర B తీసుకుని, 7 దగ్గర A అడిగి ఆగుతుంది. P1 8 దగ్గర B అడిగి ఆగుతుంది. అదే క్వాంటమ్ 4తో మళ్లీ డెడ్‌లాక్. పైగా A పట్టుకున్నాక P1 డిస్క్ రీడ్ కోసం ఆగితే క్వాంటమ్ ఎంత పెద్దదైనా P2 లోపలికి వచ్చేస్తుంది. రెండింటిలోనూ ముందు A, తర్వాత B అని ఒకే వరుస పెట్టండి, ఏ క్వాంటమ్‌తోనైనా ఈ రెంటి మధ్య సర్క్యులర్ వెయిట్ పడదు.

నైట్ షిఫ్ట్: మా దగ్గర జావా సర్వీస్ రాత్రి పూట ఉన్నట్టుండి మొద్దుబారిపోయేది. సీపీయూ చూస్తే దాదాపు సున్నా, రిక్వెస్టులకి జవాబు లేదు. అందరం టెన్షన్‌తో రీస్టార్ట్ కొట్టేవాళ్లం. రౌండ్ రాబిన్ ఆన్ చేస్తే పోతుందా మేడమ్? డేటాబేస్‌లో అయితే డెడ్‌లాక్ వచ్చినా దానంతటదే సర్దుకుంటుంది కదా.

పద్మజ: పోదండీ. ఈసారి రీస్టార్ట్ చేసే ముందు `jstack <pid>` తీయండి. నిజంగా డెడ్‌లాకే అయితే అవుట్‌పుట్‌ చివర్లో `Found one Java-level deadlock:` అని వచ్చి, ఏ థ్రెడ్ దేని కోసం ఆగిందో, అది ఎవరి దగ్గర ఉందో చూపిస్తుంది. ఆ లైన్ లేకపోతే కారణం వేరే. కనెక్షన్ పూల్ ఖాళీ అయినా బయటికి ఇలాగే కనిపిస్తుంది.

డేటాబేస్ సర్దుకోవడం నిజమే, కానీ అది షెడ్యూలర్ పుణ్యం కాదు. పోస్ట్‌గ్రెస్ లాక్ కోసం `deadlock_timeout` దాకా ఆగి చూస్తుంది, డిఫాల్ట్ 1 సెకను. చక్రం కనిపిస్తే ఒక ట్రాన్సాక్షన్‌ని `deadlock detected` అని రద్దు చేస్తుంది. దానికి రోల్‌బ్యాక్ ఉంది కాబట్టి లాక్ లాక్కున్నా డేటా చెడదు. అచ్చమైన ప్రీఎంప్షన్ అంటే అది. మీ జావా సర్వీస్ మెమరీలో ఉన్న డేటాకి రోల్‌బ్యాక్ లేదు.

గేట్ విద్యార్థి: అక్కా, ఇంకో డౌట్. డెడ్‌లాక్‌లో పడ్డ P1, P2ల వెయిటింగ్ టైమ్ పెరుగుతూనే ఉంటుందా?

పద్మజ: మంచి ప్రశ్న. షెడ్యూలింగ్ లెక్కల్లో వెయిటింగ్ టైమ్ అంటే రెడీ క్యూలో ఆగిన సమయమే. లాక్ కోసం ఆగినవి ఆ క్యూలో లేవు. ఇంతకుముందు ఉదాహరణలో P3 అని లాకులతో పనిలేని మూడోది ఉంటే, మిగతా రెండూ ఆగిపోయాక సీపీయూ మొత్తం దానిదే, దాని వెయిటింగ్ అక్కడితో ఆగిపోతుంది. సగటు వెయిటింగ్ అంకె చూస్తే సిస్టమ్ బాగుపడినట్టే కనిపిస్తుంది! స్పిన్‌లాక్ అయితే కథ తిరగబడుతుంది. P1, P2 రెండూ రెడీలోనే ఉండి, వంతు వచ్చినప్పుడల్లా ఊరికే తిరిగి క్వాంటమ్ తినేస్తాయి. P3కి మూడింట ఒక వంతే దక్కుతుంది, సీపీయూ వంద శాతం చూపిస్తుంది. నైట్ షిఫ్ట్ గారికి సున్నా చూపించింది కాబట్టి స్పిన్ కాదు.

సుధీర్: లాక్ కోసం ఆగిన సమయాన్ని వెయిటింగ్‌లో కలపకపోతే ఆ అంకెతో యూజర్‌కి ఏం లాభం? వాడు ఆగింది ఆగినట్టే కదా. నేనైతే కలుపుతాను.

పద్మజ: యూజర్ పడే ఆలస్యం కావాలంటే టర్న్‌అరౌండ్ టైమ్ చూడండి, అందులో అన్నీ కలుస్తాయి. వెయిటింగ్‌లో కలిపేస్తే ఆలస్యం షెడ్యూలర్ వల్లా, లాక్ వల్లా అన్నది ఇక విడదీయలేం.

సుధీర్: విడదీయడం మీకు ముఖ్యం మేడమ్, నాకు కాదు. క్వాంటమ్ సంగతి మాత్రం ఒప్పుకున్నా.

నైట్ షిఫ్ట్: `jstack` తీశాను. రెండు థ్రెడ్లు, రెండు మానిటర్లు, ఆ లైన్ కూడా ఉంది. ఒక దాంట్లో అకౌంట్ ముందు, లెడ్జర్ తర్వాత. ఇంకో దాంట్లో లెడ్జర్ ముందు. రెండో మెథడ్‌లో వరుస మారిస్తే చాలా, లేక రెండింటికీ కలిపి ఒకే లాక్ పెట్టమంటారా?

పద్మజ: వరుస మార్చండి. ఒకే లాక్ పెడితే డెడ్‌లాక్ పోతుంది గానీ అన్ని రిక్వెస్టులూ దాని దగ్గర బారులు తీరతాయి. మార్చే ముందు ఆ రెండు లాకులనూ తీసుకునే మెథడ్లు ఇంకేమైనా ఉన్నాయేమో కోడ్ అంతా వెతకండి.